చీటీ మీద ‘కౌన్సెలింగ్ చేశాను’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది?

(పర్లాకిమిడిలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల ముందు మాట్లాడిన మాటలు, దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా)

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క చీటీ గురించి మాట్లాడతాను, కడుపులో బిడ్డకు హాని చేయగల వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు రాసిన చీటీ. ఆ చీటీ రాసింది నేనే, గుణుపూర్ వైపు ఓపీ చూస్తున్న రోజుల్లో. పేషెంట్ పేరు, ఊరు, కుటుంబం గురించి చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా. జరిగిన తీరు మాత్రం మార్చలేదు.

పందొమ్మిదేళ్ల అమ్మాయి, పెళ్లి కాలేదు. పొద్దున్నే లేచి పళ్లు తోముకునేటప్పుడు చేయి ఉలిక్కిపడి బ్రష్ జారిపోతుంది, టీ గ్లాసు ఎగిరి పడుతుంది, ఇంట్లో వాళ్లు “అజాగ్రత్త” అని తిడుతుంటారు. నిద్ర చాలని రోజుల్లో పెద్ద ఫిట్స్ రెండుసార్లు వచ్చాయి. ఇలా ఉదయం పూట చేతులు జెర్క్ అవుతూ, యవ్వనంలో మొదలయ్యే మూర్ఛకు వాల్‌ప్రోయేట్ చాలా బాగా పనిచేస్తుంది, ఆ మాట కాదనను, అందుకే నా చేయి దాని మీదకే వెళ్లింది. రోజుకు 500 మిల్లీగ్రాములు రెండుసార్లు రాశాను. నెల తిరిగేసరికి జెర్కులు ఆగిపోయాయి, వాళ్ల నాన్న దండం పెట్టాడు. ఆరోజు చీటీ మీద నేను రాసింది “కౌన్సెలింగ్ చేశాను, మందులు కొనసాగించండి” అని, అంతే. నిజంగానే చెప్పాను, అమ్మాయితో కాదు, వాళ్ల నాన్నతో. “పెళ్లయ్యాక పిల్లల గురించి అనుకునేటప్పుడు ఒకసారి రండి” అన్నాను. ఆయన తలూపాడు. అమ్మాయి పక్కనే నిలబడి గోడ వైపు చూస్తోంది.

ఏడాది దాటాక పెళ్లి కుదిరింది, మేనరికం, పాతపట్నం అవతల ఊరు. ఫిట్స్ సంగతి అత్తవారికి చెప్పలేదు. వాళ్లను తప్పు పట్టేముందు ఒక్క మాట వినండి. మన దేశంలో హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్లికి అడ్డం అనే మాట 1999 వరకూ ఉండేది, ఆ ఏడాది సవరణలో తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ ఊళ్లో పోలేదు, అందుకని తండ్రి దాచాడు. నా పాత చీటీ పట్టుకుని గుణుపూర్‌లో మెడికల్ షాపులో బిళ్ళలు కొని, కొడుకు చేతికిచ్చి నౌపడా పాసింజర్‌లో పంపేవాడు. అత్తారింట్లో వాటి పేరు “బలం బిళ్ళలు”.

ఇప్పుడు తేదీలు చెప్తాను, దయచేసి మనసులో లెక్క వేసుకోండి. చివరి నెలసరి మార్చి 4. గర్భం నిలిచింది సుమారు మార్చి 18. మళ్లీ నెలసరి రావాల్సింది ఏప్రిల్ 1. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం లాంటి భాగం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలి, అంటే ఏప్రిల్ 15 నాటికి. నెల తప్పిందని అమ్మాయికి అనుమానం వచ్చే రోజుకూ, ఆ గొట్టం మూసుకోవాల్సిన రోజుకూ మధ్య ఉన్నది పద్నాలుగు రోజులే. మన ఊళ్లలో నెల తప్పిన పద్నాలుగు రోజుల లోపు డాక్టర్ దగ్గరికి వచ్చిన కోడలిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఈ అమ్మాయిని అత్తగారు ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లింది మే 13న, పదో వారంలో. ఏఎన్ఎం మంచి మనిషి, “ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?” అని అడిగింది కూడా. అత్తగారు పక్కనే ఉంది. “బలం బిళ్ళలు” అంది అమ్మాయి.

పంతొమ్మిదో వారం స్కానింగ్‌లో నడుము దగ్గర వెన్ను తెరుచుకుని ఉన్నట్టు కనిపించింది. స్కాన్ చేసిన డాక్టర్ అన్ని మందులూ చూపించమంటే అప్పుడు బయటికొచ్చింది నా చీటీ, నాలుగు మడతలు పెట్టి, మడతల దగ్గర చిరిగి. ఆ కుటుంబం తర్వాత తీసుకున్న నిర్ణయం వాళ్లది, అది ఇక్కడ చెప్పను. అమ్మాయి తర్వాత నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగింది. “ఇది ఈ బిళ్ళల వల్ల అని మీకు ముందే తెలుసా సార్?”

తెలుసు. తెలిసే రాశాను. చెప్పానని కూడా రాశాను. కానీ ఏం చెప్పానో, ఎవరికి చెప్పానో, తనకేం అర్థమైందో ఆ చీటీలో ఎక్కడా లేదు, ఆ చీటీని పట్టుకున్న మెడికల్ షాపు కుర్రాడికి గానీ, పాతపట్నం వైపు ఏఎన్ఎంకి గానీ, చివరికి నాకు గానీ దాన్నుంచి ఏమీ తెలియదు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వం వేసిన ఒక పరిశీలన బృందం 2020లో వాల్‌ప్రోయేట్ మీద కూడా నివేదిక ఇచ్చింది. ఆ బృందం ముందుకు వచ్చిన తల్లులు చాలామంది చెప్పింది ఇదే, మాకు ఎవరూ చెప్పలేదు అని. అప్పటికే 2018 నుంచి అక్కడ ఈ మందు వాడే, గర్భం రాగల ప్రతి మహిళతో ఏటా ఒకసారి స్పెషలిస్ట్ కూర్చుని, ప్రమాదం గురించి మాట్లాడి, ఇద్దరూ సంతకం పెట్టే ఫారం ఉంది. 2024 జనవరి నుంచి ఇంకా గట్టి చేశారు, యాభై అయిదేళ్లలోపు వాళ్లకు కొత్తగా మొదలుపెట్టాలంటే వేరే మందు పనికిరాదని ఇద్దరు స్పెషలిస్టులు విడివిడిగా ఒప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా గర్భం రాగల అమ్మాయిలకూ మహిళలకూ ఈ మందు వాడొద్దనే ఉంది. మన ఓపీలో అలాంటి ఫారం ఎవరూ చేతిలో పెట్టరు. ఇద్దరు స్పెషలిస్టుల మాట అటుంచండి, ఒక్క న్యూరాలజిస్ట్ కావాలంటే బరంపురమో విశాఖపట్నమో పోవాలి. అందుకని ఫారం చేసే పని మన చీటీయే చేయాలి.

ఎంత ప్రమాదమో పేషెంట్‌కి చెప్పే భాషలో చెప్తాను. మామూలుగా వంద మంది పిల్లలు పుడితే ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో పెద్ద లోపం ఉంటుంది. తల్లి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే అది పది, పదకొండు అవుతుంది. వెన్ను తెరుచుకోవడం, గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి, ఇలాంటివి. ఇంకొకటి స్కాన్‌లో కనపడదు: వందలో ముప్పై నలభై మంది పిల్లలకు నడక, మాట, చదువు, బుద్ధి ఎదుగుదలలో ఏదో ఒక ఇబ్బంది రావచ్చు, ఆటిజం కూడా మామూలు కంటే ఎక్కువ. డోసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, తక్కువ డోసులో కూడా ప్రమాదం లేదని చెప్పలేం. ఫోలిక్ యాసిడ్ ఇస్తాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఇవ్వండి, 5 మిల్లీగ్రాములు గర్భానికి ముందునుంచే ఇవ్వండి, కానీ వాల్‌ప్రోయేట్ చేసే నష్టాన్ని అది ఆపుతుందని మాత్రం నమ్మించకండి.

గ్రహణమొర్రి అనే పేరే చూడండి. బిడ్డకు పెదవి చీలి పుడితే మన వైపు అడిగే మొదటి ప్రశ్న, గ్రహణం రోజు కోడలు బయటికొచ్చిందా అని. బిళ్ళల గురించి ఎవరూ అడగరు. తల్లి ఏడాదంతా తనని తాను తిట్టుకుంటూ, రెండో కాన్పుకి కూడా అవే బిళ్ళలు మింగుతూ వస్తుంది. ఇది నేను చూశాను.

ఇప్పుడు ఆ మొదటి చీటీని మళ్లీ రాద్దాం. అదే అమ్మాయి, అదే రోజు, అదే ఓపీ, రద్దీ కూడా అంతే.

ముందు వాళ్ల నాన్నని రెండు నిమిషాలు బయట కూర్చోమనాలి, నర్సమ్మని లోపల ఉంచుకుని అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. సవర మాత్రమే వచ్చిన అమ్మాయి అయితే ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తని పిలవాలి, అన్ననో వదిననో మాట చెప్పమనకూడదు. చివరి నెలసరి తేదీ అడిగి రాయాలి. గర్భం ఉందా అని నిశ్చయ్ కిట్‌తో మూత్ర పరీక్ష చేసి ఫలితం, తేదీ రాయాలి. పెళ్లి కాని పిల్లకి ఆ పరీక్ష ఏంటి అని మీకే మొహమాటం అనిపిస్తుంది. “ఈ బిళ్ళ మొదలుపెట్టే ముందు ఆడవాళ్లందరికీ చేస్తాం” అని చెప్పండి, అందరికీ చేస్తే అది నిజం కూడా అవుతుంది. ఈ మధ్య కలయిక జరిగి ఉండే అవకాశం ఉంటే పరీక్ష లేదని వచ్చినా నమ్మొద్దు, మూడు వారాల తర్వాత మళ్లీ చేయాలని ఆ తేదీ కూడా అక్కడే రాయాలి.

తర్వాత, ఇదే మందు ఎందుకు అన్నది. నా పాత చీటీలో ఇది అసలు లేదు. నిజానికి ఆరోజు లెవెటిరాసిటమ్ ముందు ప్రయత్నించాల్సింది, ఈ రకం మూర్ఛకు అది కూడా పనిచేస్తుంది, బిడ్డకు లోపం వచ్చే అవకాశం దాదాపు మామూలు స్థాయిలోనే ఉంటుంది. అది చాలకపోతేనో, విపరీతమైన కోపం చిరాకు వచ్చి ఆపాల్సి వస్తేనో అప్పుడు వాల్‌ప్రోయేట్ గురించి ఆలోచించాలి. ఆలోచించినా ఏ మందు, ఎంత డోసు, ఎన్ని వారాలు వాడాం, ఏమైంది అని రాయాలి. ఈ ఒక్క వాక్యం రాయాల్సి వస్తే చాలా చీటీల మీద వాల్‌ప్రోయేట్ పడదు, ఎందుకంటే చాలాసార్లు మన దగ్గర ఆ వాక్యంలో రాయడానికి ఏమీ ఉండదు. మైగ్రేన్‌కి, మూడ్ జబ్బుకి ఇదే మందు రాసేవాళ్లకి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, అక్కడ వేరే దారులు ఎక్కువ.

తప్పనిసరై ఇదే రాశాం అనుకుందాం. ఇప్పుడు చెప్పిన లెక్కలు రాయాలి, “ప్రమాదం వివరించాను” అని కాకుండా, “వందలో పదిమందికి పుట్టు లోపం, ముప్పై నలభై మందికి ఎదుగుదల ఇబ్బంది అని తెలుగులో చెప్పాను” అని. ఆ తర్వాత అమ్మాయిని అడగాలి, “ఇంటికెళ్లాక మీ అమ్మకి ఏమని చెప్తావు?” అని. తను ఏమందో తన మాటల్లోనే రాయాలి. ఒక అమ్మాయి నాతో “కడుపుతో ఉన్నప్పుడు ఈ బిళ్ళ మింగకూడదు, కాబట్టి నెల తప్పగానే ఆపేయాలి” అంది. చూశారా, సగం అర్థమైంది, మిగతా సగం ప్రాణం మీదకి తెచ్చేది. ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా రావచ్చు, తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం. ఆ మాట నేను అడక్కపోయుంటే నాకు తెలిసేదే కాదు. మళ్లీ చెప్పి, మళ్లీ అడిగి, రెండోసారి అన్న మాట రాశాను: “నెల తప్పితే బిళ్ళ ఆపకుండా ఆరోజే ఆసుపత్రికి రావాలి.”

గర్భం రాకుండా ఏం చేస్తున్నాం అన్న దగ్గరే మన చీటీలన్నీ మూగబోతాయి. పెళ్లి కాలేదు కాబట్టి ‘వర్తించదు’ అని గీత గీసేస్తాం. ఆరోజుకి అది నిజమే కావచ్చు, అమ్మాయిని ఒంటరిగా అడిగి తెలుసుకుని ఉంటే రాయండి, తప్పులేదు. కానీ ఆ ‘వర్తించదు’కి ఒక గడువు ఉండాలి. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను: “ప్రస్తుతం అవసరం లేదని తనే చెప్పింది. పెళ్లి మాటలు మొదలైన వారమే రావాలి, లగ్నం పెట్టుకున్నాక కాదు.” ఎందుకంటే వాల్‌ప్రోయేట్ నుంచి లెవెటిరాసిటమ్‌కో లామోట్రిజిన్‌కో మార్చడానికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. లామోట్రిజిన్ అయితే మరీ నెమ్మదిగా పెంచాలి, వాల్‌ప్రోయేట్ పక్కన ఉండగా ఇంకా నెమ్మదిగా, లేకపోతే ఒళ్లంతా దద్దుర్లు ప్రమాదకరంగా రావచ్చు. శుభలేఖ పట్టుకుని వస్తే మార్చే టైమ్ ఉండదు. పెళ్లి మాటలకీ పెళ్లికీ మధ్య మన దగ్గర మూడు నాలుగు నెలలుంటాయి, ఆ నెలలే మనకి దొరికేవి.

పెళ్లయిన అమ్మాయి అయితే పద్ధతి పేరు, మొదలుపెట్టిన తేదీ, మళ్లీ చేయించుకోవాల్సిన తేదీ, ఈ మూడూ ఉండాలి. కాపర్ టీ వేస్తే వేసిన తేదీ రాయండి, 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు కాబట్టి ఈ మందు వాడేవాళ్లకి నేను ముందు చెప్పేది అదే. అంతర ఇంజెక్షన్ అయితే మూడు నెలలకొకసారి, తర్వాతి తేదీ చీటీ మీద పెద్దగా. మాత్రలు మాత్రమే అంటే వాటికి తోడు కండోమ్ కూడా అని రాయండి, ఒక్క మాత్ర మర్చిపోయినా నడిచే మందు కాదిది. వాల్‌ప్రోయేట్ గర్భనిరోధక మాత్రల పని తగ్గించదు, కానీ మన వైపు చాలామంది దాంతో పాటు ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా వాడుతుంటారు, అవి తగ్గిస్తాయి, అప్పుడు మాత్రల మీద ఆధారపడొద్దు, కాపర్ టీకి ఆ ఇబ్బంది లేదు. ఇద్దరు పిల్లలయ్యాక ఆపరేషన్ అయిందంటే ఏ ఏడాది, ఎక్కడ అన్నది రాసి, ఆ భాగం మూసేయొచ్చు.

అన్నీ కలిపితే చీటీ మీద ఏడెనిమిది వరుసలు. ఇటీవల నేను రాసిన ఒకటి చదువుతాను, తేదీలు మార్చి.

“వయసు 22, పెళ్లయింది, ఒక పాప. ఒంటరిగా మాట్లాడాను, సిస్టర్ ఉన్నారు, తెలుగులో. నెలసరి జూన్ 2. మూత్ర పరీక్ష జూన్ 11, లేదు. లెవెటిరాసిటమ్ రోజుకు 2000 వరకు పన్నెండు వారాలు, జెర్కులు తగ్గలేదు, పెద్ద ఫిట్స్ రెండు. అందుకని వాల్‌ప్రోయేట్ 300 రెండుపూటలా, న్యూరాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడాను. వందలో పదిమందికి పుట్టు లోపం, ముప్పై నలభై మందికి ఎదుగుదల ఇబ్బంది అని చెప్పాను. తను అన్నది: ‘ఈ బిళ్ళ మింగుతున్నంతకాలం బిడ్డ వద్దు, బిడ్డ కావాలంటే ముందు మీ దగ్గరికి రావాలి, నెల తప్పినా బిళ్ళ ఆపను, ఆరోజే వస్తాను.’ కాపర్ టీ జూన్ 11న వేశాం. మూడు నెలలకు ఫిట్స్ కోసం, ఏడాదికి ఇదంతా మళ్లీ మాట్లాడటానికి, వచ్చే జూన్ 11.” కింద తన సంతకం, నాది.

రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మాట్లాడటానికి పదిహేను. ఎనభై మంది ఓపీలో పదిహేను నిమిషాలు ఎక్కడివి అంటారు, నిజమే, అందుకే నేను మొదటిరోజు వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టను. వేరే మందు ఇచ్చి, ఓపీ అయ్యాక మధ్యాహ్నం రమ్మంటాను.

సరిహద్దు సంగతి. మన పేషెంట్ పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఇంకో రాష్ట్రం. మందు ఇటు ఒడిశాలో ఉచితంగా ఇచ్చే నిరామయ కౌంటర్‌లో, గర్భం నమోదు అటు ఏఎన్ఎం రిజిస్టర్‌లో, కాన్పు మళ్లీ పుట్టింట్లో. ఒడియాలో రాసింది శ్రీకాకుళం జిల్లాలో చదవరు, తెలుగులో రాసింది రాయగడలో కొందరు చదవలేరు. నేను మందు పేరు, డోసు, తేదీలు అందరూ చదివే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఆ అమ్మాయి చదువుకునే భాషలో రెండు వాక్యాలు వేరే కార్డు మీద రాసి ఇస్తాను. ఒక కాపీ మన ఫైల్లో. మరి అత్తారింట్లో దాచుకోవాల్సి వస్తే? ఆ ప్రశ్న కూడా ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. కార్డు మీద ఫిట్స్ అనే మాట వద్దంటే రాయను, “ఈ మందు వాడుతున్నాను, గర్భం వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించాలి” అని మాత్రం రాస్తాను. మందు పేరు చూస్తే ఏఎన్ఎంకి అర్థం కాకపోయినా పీహెచ్‌సీ డాక్టర్‌కి అర్థమవుతుంది. ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది తనే.

(ప్రశ్నల సమయంలో ఒక ఫార్మసిస్ట్ అడిగారు: “సార్, పాత చీటీ పట్టుకుని పెళ్లయిన అమ్మాయి తరఫున వాళ్ల నాన్న వస్తే బిళ్ళలు ఇవ్వాలా, ఆపాలా?”)

ఆపొద్దండీ. మీరు ఆపితే ఆ రాత్రే ఫిట్స్ రావచ్చు. పదిహేను రోజులకి సరిపడా ఇవ్వండి, చీటీ మీద ఏడాది తేదీ దాటిపోయిందా చూడండి, దాటితే “ఈసారి అమ్మాయినే తీసుకురండి” అని రాసి, మీ సంతకం పెట్టి, తేదీ వేయండి. మాకు ఫోన్ చేయండి. “అమ్మాయికి పెళ్లయిందా” అని ఒక్క మాట అడగండి. నా చీటీ ఆ మెడికల్ షాపులో ఎన్నిసార్లు తిరిగిందో నేను తర్వాత లెక్క వేశాను, పదకొండు సార్లు. పదకొండు సార్లలో ఒక్కసారి ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే మార్చి నెలకి ముందే ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఉండేది.

(ఒక నర్సు అడిగారు: “ఇప్పటికే గర్భంతో వచ్చేస్తే, సార్?”)

అమ్మా, ముందు “బిళ్ళ ఆపకు” అని చెప్పండి. చివరి నెలసరి తేదీ, ఏ డోసు, ఎప్పటినుంచి అన్నవి రాసి అదే రోజు స్పెషలిస్ట్‌తో మాట్లాడించండి. మందు మార్చడమా, డోసు తగ్గించడమా అన్నది వాళ్లు చూసుకుంటారు. వెన్ను తయారయ్యే గడువు దాటిపోయి ఉండొచ్చు, కానీ మెదడు కడుపులో ఉన్నంతకాలం ఎదుగుతూనే ఉంటుంది, అందుకని ఎన్నో వారంలో వచ్చినా ఆలస్యమైందని వదిలేయొద్దు. పద్దెనిమిది నుంచి ఇరవై వారాల మధ్య వివరమైన స్కాన్‌కి తేదీ ఆరోజే ఇప్పించండి, ఎందుకు ముఖ్యమో చెప్పండి, ఎందుకంటే చట్టం ప్రకారం ఇరవై వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భం తీసేయించుకోవచ్చు, ఆ తర్వాత కష్టమవుతూ పోతుంది, ఆలోచించుకునే టైమ్ ఆ తల్లికి ఉండాలి. ఇంకొకటి, అత్తగారిని బయట కూర్చోబెట్టి, “బలం బిళ్ళలు అన్నావు కదా, ఆ స్ట్రిప్ ఒకసారి చూపిస్తావా అమ్మా” అని అడగండి.